బస్తాకు ఏడు రూపాయల ఇరవై పైసలు

జగ్గయ్యపేటలో మా వీధికి మిఠాయి కొదవ ఉండేది కాదు. ఎదురింటి వెంకటరత్నం మిరపకాయల వ్యాపారి. బేరం కలిసొచ్చిన ప్రతిసారీ వీధిలో ఇంటింటికీ మైసూర్‌పాక్ పంపేవాడు. వాళ్ల నాన్న పెట్టిన ఆనవాయితీ అది. నష్టం వచ్చిన రోజు ఏమీ పంపేవాడు కాదు. నష్టానికి పంచేదేముంటుంది?

దాంతో వీధి మొత్తానికి ఒక లెక్క ఏర్పడింది. మైసూర్‌పాక్ వచ్చిందంటే వెంకటరత్నం గెలిచినట్టు. రాలేదంటే ఏమీ జరగనట్టు. అతను ఎప్పుడైనా ఓడిపోతాడన్న ఊహే ఎవరికీ లేదు. "పదికి ఎనిమిది బేరాలు కొడతాడండీ," అని పళ్లు పుచ్చినవాళ్లు కూడా మెచ్చుకునేవారు.

నాకు కూడా పళ్లెం వచ్చేది. ఇద్దరికి సరిపడా పెట్టేవారు. మా ఇంట్లో అప్పటికి నేనొక్కణ్ణే ఉంటున్నానని తెలిసి కూడా అలాగే పెట్టేవారు. నేనూ తగ్గించమని చెప్పలేదు. రెండో భాగం మరునాడు బడికి పట్టుకెళ్లేవాణ్ణి.

అప్పుడు ఎనభై మూడో సంవత్సరం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున వెంకటరత్నం అత్తగారు బసవమ్మ మా అరుగు ఎక్కింది. ఎర్రటి ఎండలో కూడా ఆవిడకు గొడుగు అక్కర్లేదు. ఆవిడ మాట వినబడితే ఎండే పక్కకు తప్పుకునేది.

"మాస్టారూ, మీరు లెక్కల్లో గట్టివారేనా, లేక జీతం కోసం చెబుతున్నారా?"

"రెండూనండీ."

"అయితే వినండి. వత్సవాయిలో నా రెండెకరాల మెట్ట అమ్మేశా. అల్లుడుగారు ఆ డబ్బు వ్యాపారంలో పెట్టమంటున్నారు. పదికి ఎనిమిది బేరాలు గెలుస్తారంట. మా అమ్మాయి కమల కూడా పెట్టమనే అంటోంది. గురువారం ఇస్తానని మాటిచ్చా. ఇవ్వనా, వద్దా?"

"మీకు అనుమానం దేనికి?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. తగ్గించినా అవతలి ఇంటికి వినిపించేంత ఉంది.

"ఆ ఇంట్లో నేను ఎవర్ని ఏమన్నా ఎందుకు పడుతున్నారనుకున్నారు? నా పేరున రెండెకరాలు ఉండబట్టి. ఇప్పుడది డబ్బయింది. ఆ డబ్బు పోతే నా నోరు పోతుంది. పప్పులో ఉప్పు చాల్లేదని కూడా అనలేను. నోరు లేకుండా నేను ఒక్క వారం బతకను మాస్టారూ."

ఇది నిజమేనని మా వీధిలో ఎవరైనా సాక్ష్యం చెబుతారు.

"పదికి ఎన్ని గెలిచాడన్నది ఒక్కటే చాలదండీ," అన్నాను. "గెలిచినప్పుడు సగటున ఎంత వచ్చింది, ఓడినప్పుడు సగటున ఎంత పోయింది, అవి కూడా కావాలి."

"అయితే రండి, అడుగుదాం."

వెంకటరత్నం కమీషన్ కొట్టు గాంధీబొమ్మ దగ్గరి సందులో ఉండేది. లోపలికి అడుగు పెట్టగానే ముగ్గురం వరసగా తుమ్మాం. మూడోవాడు కొట్టు కాటా మనిషి. వాడు అలవాటు కొద్దీ తుమ్మాడు.

బసవమ్మ పాతకాలపు మనిషి. అల్లుడితో ముఖాముఖి మాట్లాడేది కాదు. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. అందుకని గుమ్మం పక్కన గోడ వైపు తిరిగి నిలబడింది.

"మాస్టారూ, అల్లుడుగారిని గత నాలుగేళ్ల బేరాలు చెప్పమనండి."

అల్లుడుగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. అయినా నా వైపు తిరిగి, "చెబుతానని అత్తయ్యగారితో అనండి," అన్నాడు. నేను ఎవరికీ ఏమీ అనలేదు. సుద్దముక్క తీసి తలుపు మీద రెండు గడులు గీశాను.

దాచే మనిషి కాదు వెంకటరత్నం. అన్నీ గుర్తే. కాకపోతే లాభాలు పెద్ద గొంతుతో చెప్పేవాడు, నష్టాలు చెప్పేటప్పుడు మాత్రం దగ్గు వచ్చేది. హమాలీ, కాటా, వడ్డీ పోగా బస్తాకు ఎంత మిగిలిందో చెప్పమన్నాను. పది రూపాయలు, ఎనిమిది, పన్నెండు, పది. లాభాలన్నీ ఒక ఈడు పిల్లల్లా ఉన్నాయి. పది రూపాయలు పెరిగితే చాలు, అమ్మేసేవాడు.

"అంతకన్నా ఆగరా?"

"చేతికొచ్చింది తగ్గిపోతే? అమ్మో, మైసూర్‌పాక్ పిండి కూడా తెచ్చి పెట్టుకున్నాక!"

"మరి నష్టాలు?"

దగ్గు వచ్చింది. "ఎనభైలో ఒకటి. అరవై పోయింది. కానీ అది నష్టం కాదు మాస్టారూ, వాన."

"బస్తాకు అరవై పోయిందా, లేదా?"

"పోయింది. వాన వల్ల."

నేను నష్టాల గడిలో అరవై రాశాను.

"ఎనభై ఒకటిలో ఇంకోటి. అది లారీ సమ్మె."

యాభై రాశాను. "ఇది గుంటూరు వాళ్ల కుట్ర" అన్నదానికి నలభై అయిదు రాశాను. అలా ఏడు తేలాయి.

"ఇంతేనా?"

"ఇంతే."

గోడ నుంచి మాట వచ్చింది. "మాస్టారూ, వెనక గదిలో బస్తాల సంగతి అడగండి."

వెనక గది తలుపు కొంచెం తీయగానే కాటా మనిషి ముక్కుకు తువ్వాలు కట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. లోపల రెండేళ్ల నాటి కాయ. ఎరుపు పోయి నలుపుకు తిరిగింది. పక్కవీధిలో చంటిపిల్లలు కూడా ఎందుకు తుమ్ముతారో నాకు ఆ రోజు అర్థమైంది.

"ఇది నష్టం కాదు," అన్నాడు వెంకటరత్నం. "ఇంకా అమ్మలేదుగా! అమ్మితే కదా నష్టం. రేటు వచ్చిందాకా ఆగుతున్నా."

"ఇవాళ అమ్మితే ఎంత వస్తుంది?"

"ఇవాళ ఎందుకు అమ్ముతా?"

"అమ్మితే."

చెప్పాడు. కొన్న ధరకు డెబ్బై తక్కువ. దాన్ని కూడా గడిలో రాశాను. ఆయన నా చేతిలో సుద్దముక్క వైపు, తన ఇంట్లో దూరిన దొంగను చూసినట్టు చూశాడు.

మొత్తం నలభై బేరాలు. ముప్పై రెండు గెలుపులు, సగటున పది రూపాయలు. ఎనిమిది ఓటములు, సగటున యాభై అయిదు.

"పదికి ఎనిమిది!" అన్నాడు వెంకటరత్నం. "నేను చెప్పలా?"

"చెప్పారు. ఇప్పుడు చూడండి. పది బేరాలు చేస్తే ఎనిమిదిట్లో పదేసి చొప్పున ఎనభై వస్తుంది. రెండిట్లో యాభై అయిదేసి చొప్పున నూటపది పోతుంది. పది బేరాలకు ముప్పై నష్టం. అంటే సగటున ఒక్కో బేరానికి బస్తాకు మూడు రూపాయలు పోతున్నాయి."

కొట్టులో ఒకరి తరువాత ఒకరు తుమ్మారంతే.

"అలా అయితే నా కొట్టు ఎప్పుడో మూతపడాలిగా?"

"రైతుల సరుకు అమ్మిపెట్టినందుకు మీకు కమీషన్ వస్తుంది. ఆ డబ్బే ఈ కన్నాన్ని పూడుస్తోంది. మిఠాయి కూడా అందులోదే."

గోడ చిన్నగా నవ్వింది.

వెంకటరత్నం ఊరికే ఓడిపోయే మనిషి కాదు. కాసేపు వేళ్లు లెక్కపెట్టుకుని ముఖం వెలిగించుకున్నాడు.

"అయితే ఇక నుంచి ఎనిమిది రూపాయలు పడగానే అమ్మేస్తా. నష్టం ఎనిమిదికి మించదు. పదికి ఎనిమిది గెలుపులు ఎలాగూ ఉన్నాయి. ఎనభైలోంచి పదహారు తీస్తే అరవై నాలుగు. బేరానికి ఆరు రూపాయల నలభై పైసలు! ఏం మాస్టారూ, రాజునైపోయానా లేదా?"

లెక్క తప్పు లేకుండా కట్టాడు. నాకు ముచ్చటేసింది. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది.

"మీరు గెలిచిన ముప్పై రెండు బేరాల్లో, కొన్న తరువాత ముందు ఎనిమిది రూపాయలకు మించి పడిపోయి, ఆ తరువాత లేచినవి ఎన్ని?"

"బోలెడు!" అన్నాడు గర్వంగా. "ఇరవై ఉంటాయి. ఓపిక పట్టా కాబట్టి గెలిచా."

"ఎనిమిది పడగానే అమ్మేస్తే ఆ ఇరవై ఏమవుతాయి?"

అతను తలుపు మీది గడుల వైపు తిరిగాడు.

"అవి కూడా ఓటముల్లో కలుస్తాయి. నలభైలో గెలుపులు పన్నెండే మిగులుతాయి. పదికి మూడు. ముప్పై వస్తుంది, యాభై ఆరు పోతుంది. బేరానికి మూడు రూపాయలు పోయేచోట రెండు రూపాయల అరవై పైసలు పోతుంది."

"నలభై పైసలు మిగిల్చానుగా," అన్నాడు నీరసంగా.

దారిలో బసవమ్మ నన్ను ఆపింది. "మరి లాభం వచ్చే మనిషంటూ ఉన్నాడా ఈ చుట్టుపక్కల?"

నాకు నందిగామ మౌలాలి గుర్తుకొచ్చాడు. నేను నందిగామ బడిలో పనిచేసినప్పుడు పక్కింట్లో ఉండేవాడు. మిరపకాయల బేరమే. అతని పేరు చెబితే జగ్గయ్యపేట వ్యాపారులు నవ్వుతారు. పదికి ఆరుసార్లు ఓడిపోతాడని పేరు. ఓడినా కొట్టు మీద కొత్త రేకులు వేయించాడు. అది నాకు ఎప్పుడూ విచిత్రంగా ఉండేది.

మంగళవారం బడి అయ్యాక నందిగామ వెళ్లి అడిగాను. మౌలాలి సిగ్గుపడ్డాడు.

"నా బేరాలు లెక్క కట్టడానికి ఇంత దూరం వచ్చారా మాస్టారూ? నాకు భయం ఎక్కువండీ. కొన్న కాయ రేటు ఎక్కినంత పైకి ఎక్కనిస్తా. ఆ పై రేటు నుంచి ఎనిమిది రూపాయలు తగ్గిందంటే రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే అమ్మేస్తా. చాలాసార్లు కొన్న వెంటనే తగ్గుతుంది. అమ్మేస్తా. ఊరంతా నవ్వుతారు."

"మరి రేటు ఎక్కుతున్నప్పుడు?"

"గెలిచేది ఎప్పుడో ఒకసారి. దాన్ని కాస్త చూసుకోనివ్వండి!"

యాభై బేరాలు. ఇరవై గెలుపులు, సగటున ముప్పై. ముప్పై ఓటములు, సగటున ఎనిమిది. గెలుపుల్లో ఆరువందలు, ఓటముల్లో రెండువందల నలభై. మూడువందల అరవైని యాభైతో భాగించాను. సగటున బేరానికి బస్తాకు ఏడు రూపాయల ఇరవై పైసలు.

బుధవారం మధ్యాహ్నం బసవమ్మకు ఆ సంగతి చెప్పాను. గురువారం డబ్బు అల్లుడికి ఇవ్వలేదు. ఇవ్వనన్న మాట కూడా గోడకే చెప్పిందట. సగం డబ్బు బ్యాంకులో వేయించి, మిగతా సగమే మౌలాలి దగ్గర పెట్టమన్నాను.

"వరసగా నాలుగైదు ఓడిపోవచ్చండీ. ముందే చెబుతున్నా."

"వరసగా అంటే?"

"ఒకదాని వెనక ఒకటి."

"అది నాకు తెలుసు లెండి. ఎందుకు ఓడాలీ అని."

"పదికి ఆరు ఓటములున్న చోట అవి వరసగా రాకూడదని నియమం లేదు. యాభై బేరాలు కలిపితేనే ఏడు ఇరవై తేలింది. మొదటి నాలుగైదూ ఏం చెబుతాయో ఎవరికీ తెలియదు."

సరేనంది. మొదటి బేరం ఏడు రూపాయలు పోయింది. రెండోది తొమ్మిది. మూడోది ఎనిమిది. ఆ పాటికి ఎదురింట్లో మూడుసార్లు మైసూర్‌పాక్ పంచారు. బసవమ్మ తన ముక్కను నా బల్ల మీద పెట్టి, "మీ లెక్కకు జ్వరమొచ్చింది మాస్టారూ, తీపి పెట్టండి," అంది.

నాలుగోది పోయింది. "మీ లెక్క మంచం పట్టింది," అంది. అయిదోది పోయినప్పుడు, అన్నం తిన్నానో లేదో కూడా అడక్కుండా వెళ్లిపోయింది. అలా అడగకపోవడం అదే మొదలు. ఆరోది కూడా పోయాక చీర కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

"పదండి నందిగామ. డబ్బు వెనక్కి తీసుకుంటా. ఆరు బేరాల్లో బస్తాకు నలభై ఎనిమిది పోయింది. ఇంట్లో అప్పుడే కమల నన్ను రెండుసార్లు 'నువ్వుండమ్మా' అంది."

బస్సులో కూర్చున్నాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. పదికి ఆరు ఓడే చోట వరసగా ఆరు ఓటములు రావడం నూటికి దాదాపు అయిదు సార్లు ఉంటుంది. అంటే ఇది వింత కాదు. అలాగని నా లెక్క తప్పు కాదనడానికి రుజువూ కాదు. ఆ ముక్క ఆవిడకు చెప్పబోయాను. "నూటికి అయిదులో నేనే ఎందుకుండాలి?" అంది. దానికి గణితంలో జవాబు లేదు. బాధపడే మనిషి ఆ ప్రశ్న అడగక మానడు. నాకది తెలుసు.

మౌలాలి కొట్టులో ఎండ ఏటవాలుగా పడుతోంది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. వాళ్లావిడ సుభాన్‌బీ మంచినీళ్లు తెచ్చింది.

"తీసుకోండి పెద్దమ్మా, మీ డబ్బు మీరు తీసుకుంటానంటే నేనేం అంటాను? కాకపోతే ఏడో బేరం కాయ ఇంకా గదిలో ఉంది. కొన్న రేటు మీద పద్దెనిమిది ఎక్కింది. దాన్ని ఏం చేద్దాం?"

"పద్దెనిమిదా!" బసవమ్మ కుర్చీలోంచి లేచింది. "లాభమా? అమ్మెయ్, నాయనా, అమ్మెయ్! ఇంకా చూస్తావేంటి? లారీ పిలు!"

"ఇంకా ఎక్కుతోంది పెద్దమ్మా."

"ఎక్కింది పడదా? నువ్వు చూసుకున్నది చాలు, దిగు!"

మౌలాలి నా వైపు చూశాడు. ఆవిడా నా వైపే చూసింది.

"మాస్టారూ, లెక్క చెప్పండి. అమ్మితే తప్పేంటి?"

జేబులోంచి కాగితం తీశాను. "ఈ ఒక్కటే అయితే తప్పని నేను చెప్పలేను. రేపు పడినా పడవచ్చు. కానీ గెలిచిన ప్రతిసారీ పద్దెనిమిదికే అమ్మేశామనుకోండి. పది బేరాల్లో నాలుగు పద్దెనిమిదులు డెబ్బై రెండు. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది. ఇరవై నాలుగు మిగులుతుంది. ఏడు రూపాయల ఇరవై పైసలున్న చోట రెండు రూపాయల నలభై పైసలు."

"నయమే కదా."

"పద్దెనిమిదికి అమ్మినవారు రేపు పన్నెండుకే కంగారు పడతారు. ఎల్లుండి పదికి. పదికి అమ్మితే నలభై వస్తుంది, నలభై ఎనిమిది పోతుంది. బేరానికి ఎనభై పైసలు నష్టం. మౌలాలి కొట్టు కూడా మీ అల్లుడుగారి కొట్టయిపోతుంది."

బసవమ్మ కూర్చుంది. మళ్లీ లేచింది. మళ్లీ కూర్చుంది. ఆవిడ చేతులు 'అమ్మెయ్' అంటున్నాయి, మూతి బిగుసుకుపోయింది.

"అంటే ఆ పెద్ద లాభాలతోనే ఈ చిన్న నష్టాలన్నీ తీరాలన్నమాట."

"అంతేనండీ."

"మరి అది రాకముందే కోసుకుంటే ఆరుసార్లు పోయిందంతా ఊరికే పోయినట్టే."

"అంతే."

ఆవిడ సుభాన్‌బీ వైపు తిరిగి, "అమ్మాయ్, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లు. ఇక్కడుంటే అమ్మించేస్తా," అంది.

వంటింట్లో ఇద్దరూ గోంగూర ఒలుస్తూ కూర్చున్నారు. గుంటూరు నుంచి ఫోను వచ్చింది. మౌలాలి "ఆ, ఆ, ఎంతా?" అని అరుస్తుంటే లోపల్నుంచి, "నాకు చెప్పొద్దు! చెప్పొద్దు!" అని అంతకన్నా పెద్ద కేక. సుభాన్‌బీ గోంగూర చేతులతోనే ఆవిడ చెవులు మూసింది. తిరుగు బస్సులో ముందు సీట్లో ఎవరో మిరపకాయల రేటు ఎత్తాడు. బసవమ్మ రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, టిక్కెట్లు అడుగుతున్న కండక్టరుకు అర్థం కాని ఒక మంగళహారతి అందుకుంది. చిల్లకల్లు దాటిందాకా ఆపలేదు. కండక్టరు టిక్కెట్టు డబ్బులు నా దగ్గరే తీసుకున్నాడు.

తరువాతి వారం మౌలాలి స్వయంగా జగ్గయ్యపేట వచ్చాడు. మా అరుగు మీదే కూర్చున్నాడు. ఖర్చులన్నీ పోగా లెక్కిస్తే రేటు కొన్నదాని మీద డెబ్బై దాకా ఎక్కి, ఎనిమిది తగ్గిందట. ఎప్పటిలాగే నిద్ర పట్టక పొద్దున్నే అమ్మేశాడట. బస్తాకు అరవై రెండు మిగిలింది.

బసవమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఈసారి నా సాయం అడగలేదు. అరవై రెండులోంచి నలభై ఎనిమిది తీసింది.

"ఏడు బేరాలకు పద్నాలుగు రూపాయలు లాభం."

"అవునండీ," అన్నాను. నాకు ఎన్నాళ్లకో గుండె తేలికపడింది.

"డబ్బు నీ దగ్గరే ఉంచు నాయనా," అంది మౌలాలితో. "ఎనిమిదో బేరం చూడు. ఓడితే చెప్పు, గెలిస్తే అసలు చెప్పకు, నా నోరు ఊరుకోదు."

మౌలాలి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. నన్నే చూస్తోంది.

"ఏంటండీ?"

"మీరు చెప్పింది బేరానికి ఏడు రూపాయల ఇరవై పైసలు. ఏడు బేరాలకు యాభై రూపాయల నలభై పైసలు రావాలి. పద్నాలుగే వచ్చింది."

"అది సగటండీ. చాలా బేరాల మీద తేలేది. ఏడింటికే—"

"ముప్పై ఆరు రూపాయల నలభై పైసలు మీ దగ్గర ఆగింది మాస్టారూ. బస్తాకు. నేను తొందరపెట్టను. కానీ మర్చిపోను."